పదహారు గడుల పటం: మార్‌క్వాండ్ నుంచి కార్నో దాకా

సౌదీ అరేబియా తూర్పు తీరంలో, కువైట్ సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఊరు ఖఫ్జీ. కొన్నేళ్ల క్రితం అక్కడి ఒక నీటి పంపింగు కేంద్రంలో పాత రిలే ప్యానెల్‌ను మార్చే పని నా చేతికి వచ్చింది. రెండు తొట్లు, ఒక పంపు. ఏ తొట్టి నుంచి నీరు తోడాలో చెప్పే సెలెక్టర్ రిలే A. మొదటి తొట్టిలో చాలినంత నీరుందని చెప్పేది B, రెండవ తొట్టికి అదే పని చేసేది C. అత్యవసర నిలుపుదల మీట నొక్కలేదని చెప్పే అనుమతి D. పంపు నడవవలసిన షరతు మాటల్లో సులభమే: అనుమతి ఉండాలి, ఎంచుకున్న తొట్టిలో నీరుండాలి. పాత చిత్రపటంలో మాత్రం మూడు దారులున్నాయి.

```
F = ABD + A'CD + BCD
```

ఇందులో A' అంటే A లేకపోవడం, అనగా రెండవ తొట్టిని ఎంచుకోవడం. మూడవ దారి నాకు అనవసరంగా తోచింది. కాలేజీలో నేర్చుకున్న కార్నో పటం గీసి చూశాను. ఆ దారి కప్పే గడులన్నిటినీ మొదటి రెండు దారులు అప్పటికే కప్పుతున్నాయి. కొత్త ప్యానెల్ నుంచి దాన్ని తీసివేశాను. ఆ తరువాత పంపు అప్పుడప్పుడు కారణం లేకుండా ఆగిపోసాగింది.

ఎందుకు ఆగిందో వ్యాసం చివర చెబుతాను. ఆ కారణం వెదుకుతూ పటం చరిత్రలోకి వెళ్లినప్పుడు నాకు తెలిసినది ఇది: తరగతి గదిలో ఒక సూత్రంగా కంఠస్థం చేసిన ఆ పదహారు గడుల వెనుక డెబ్బై ఏళ్ల ఆలోచన ఉంది. అందులో ప్రతి మెట్టూ ఒక నిర్దిష్టమైన అవసరం నుంచి పుట్టింది. ఆ అవసరాలేమిటో తెలియకుండా పటాన్ని వాడితే నాకు జరిగినదే జరుగుతుంది.

ప్రస్తారమూ, పటమూ

నాలుగు చరరాశులు, ఒక్కొక్కటి సున్నా లేదా ఒకటి అయితే మొత్తం పదహారు స్థితులు. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త లెక్క కాదు. నాలుగక్షరాల పాదానికి ప్రస్తారం వేస్తే నాలుగు గురువులతో మొదలై నాలుగు లఘువులతో ముగిసే పదహారు వరుసలు వస్తాయి. బూలియన్ సత్యపట్టిక అచ్చంగా అదే. గురువుకు సున్నా, లఘువుకు ఒకటి అనుకుంటే పింగళుని పద్ధతి ద్విసంఖ్యామాన క్రమమే అవుతుంది, అక్షరాలను చదివే దిశ ఒక్కటే తేడా.

ప్రస్తారానికి ఒక గుణముంది: ఏ వరుసా తప్పిపోదు, ఏదీ రెండుసార్లు రాదు. దానికి లేని గుణం మరొకటుంది: పక్కపక్క వరుసలు పోలిక గలవి కానక్కరలేదు. రెండవ వరుస నుంచి మూడవ వరుసకు వెళ్లేటప్పుడే రెండు అక్షరాలు ఒకేసారి మారుతాయి. ఛందశ్శాస్త్రానికి దానితో నష్టం లేదు. తర్కాన్ని సంక్షేపించేవాడికి మాత్రం అక్కడే చిక్కు.

జార్జ్ బూల్ తన తర్క బీజగణితాన్ని 1847, 1854 సంవత్సరాల గ్రంథాలలో ప్రకటించాడు. 1880లో జాన్ వెన్ వలయాలతో తర్కాన్ని బొమ్మ కట్టాడు. మూడు పదాల వరకు వలయాలు హాయిగా సరిపోతాయి. నాలుగు పదాలకు దీర్ఘవృత్తాలు కావాలి, ఆపైన బొమ్మ కంటికి లొంగదు. మరుసటి సంవత్సరమే, 1881లో, అలన్ మార్‌క్వాండ్ అనే అమెరికన్ యువకుడు వలయాలను వదిలి చతురస్రాన్ని గళ్లుగా కోశాడు. సగం A, సగం A కానిది. మళ్లీ సగం B, సగం B కానిది. ఇలా ఎన్ని పదాలకైనా కోసుకుంటూ పోవచ్చు. నాలుగు పదాలకు నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలు, పదహారు గడులు.

మార్‌క్వాండ్ జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పియర్స్ శిష్యుడు. అనంతరం ప్రిన్స్‌టన్‌లో కళాచరిత్ర ఆచార్యుడై తర్కం నుంచి దూరమయ్యాడు. 1886లో పియర్స్ అతనికి రాసిన ఉత్తరంలో ఒక ఆశ్చర్యకరమైన సూచన ఉంది: విద్యుత్ స్విచ్‌లను వరుసగా కలిపితే ‘మరియు’, సమాంతరంగా కలిపితే ‘లేదా’ వస్తుంది కాబట్టి తర్కయంత్రాన్ని విద్యుత్తుతో నిర్మించవచ్చునని. గడుల పటం, స్విచ్‌ల ఆలోచన ఆనాడే ఒక గురుశిష్యుల మధ్య ఎదురుపడ్డాయి. కాని ఆ రెండింటినీ కలపవలసిన అవసరం లోకానికి ఇంకా రాలేదు.

కాంటాక్టుల ఖర్చు

ఆ అవసరాన్ని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లు తెచ్చాయి. ఒక్కొక్క ఎక్స్‌ఛేంజ్‌లో వేలాది రిలేలు. ప్రతి కాంటాక్టూ డబ్బు, స్థలం, తుప్పు, మరమ్మతు. అదే పని తక్కువ కాంటాక్టులతో చేయగలమా అన్న ప్రశ్న వ్యాపార ప్రశ్న అయింది. 1930ల మధ్యలో నిప్పాన్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన అకిరా నకాషిమా రిలే వలయాల రూపాంతరాల సిద్ధాంతాన్ని వ్యాసపరంపరగా ప్రకటించాడు. అది బూల్ బీజగణితమేనని తరువాత గుర్తించారు. అమెరికాలో క్లాడ్ షానన్ 1937లో ఎం.ఐ.టి.కి సమర్పించిన స్నాతకోత్తర సిద్ధాంతవ్యాసం, 1938లో అచ్చయిన దాని రూపం, ఇదే సంగతిని నేరుగా బూల్ పేరుతో నిరూపించాయి.

ఖఫ్జీతో ఈ కథకు చిన్న యాదృచ్ఛిక సామీప్యముంది. ఈ ఊరి ఎదుట సముద్రగర్భంలో 1960లో చమురు కనుగొన్న అరేబియన్ ఆయిల్ కంపెనీ జపాన్ సంస్థే. రిలేల గణితం సగభాగం జపాన్‌లో పుట్టిందన్న సంగతి మా ఇంజనీరింగ్ పాఠాల్లో ఎక్కడా లేదు. షానన్ పేరొక్కటే నేర్చుకున్నాం.

బీజగణితమైతే వచ్చింది గాని, దాన్ని వాడడం తేలిక కాలేదు. సంక్షేపానికి ఆధారమైన సూత్రం ఒక్కటే: XY + XY' = X. ఒక్క అక్షరంలో మాత్రమే తేడా ఉన్న రెండు పదాలు కలిస్తే ఆ అక్షరం రాలిపోతుంది. చిక్కంతా అలాంటి జంటలను కనిపెట్టడంలో ఉంది. నాలుగు చరరాశులు, ఎనిమిది పదాలు ఉన్న సమీకరణంలో ఏ పదం ఏ పదానికి జతో, ఒకే పదాన్ని రెండుసార్లు వాడుకోవచ్చో లేదో, ఇక సంక్షేపించలేమని ఎప్పుడు ఆగాలో బీజగణితం చెప్పదు. కంటికి కనిపించే సాధనం కావలసి వచ్చింది.

ఒక్క వరుస తారుమారు

1952 మే నెలలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సభలో ఎడ్వర్డ్ వీచ్ సత్యప్రమేయాలను సంక్షేపించే పట్టిక ఒకటి సమర్పించాడు. అది మార్‌క్వాండ్ గళ్ల చిత్రానికి పునరావిష్కరణ. అడ్డువరుసలూ నిలువువరుసలూ ప్రస్తార క్రమంలోనే ఉన్నాయి: 00, 01, 10, 11. మరుసటి సంవత్సరం, 1953 నవంబరులో, బెల్ ప్రయోగశాలలకు చెందిన మారిస్ కార్నో అమెరికన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో తన పటాన్ని ప్రకటించాడు. అతడు యేల్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. కార్నో చేసిన మార్పు చూడడానికి అతి స్వల్పం. చివరి రెండు వరుసలను తారుమారు చేశాడు: 00, 01, 11, 10.

ఆ స్వల్పమైన మార్పు ఏం చేసిందో ఒక ఉదాహరణతో చూద్దాం. ABCDని నాలుగంకెల ద్విసంఖ్యగా చదివితే, 1, 5, 6, 7, 11, 12, 13, 15 స్థానాల్లో ఒకటి, తక్కినచోట్ల సున్నా ఉండే ప్రమేయాన్ని తీసుకుందాం. వీచ్ క్రమంలో అది ఇలా ఉంటుంది.

```
           CD
AB     00  01  10  11
00      0   1   0   0
01      0   1   1   1
10      0   0   0   1
11      1   1   0   1
```

ఇందులో 5, 7, 13, 15 స్థానాలు ఒకే గుంపు. నాలుగింటిలోనూ B, D ఒకటే, A, C మాత్రమే మారుతున్నాయి. కాని పటంలో అవి నాలుగు దిక్కులకు చెదిరి ఉన్నాయి. గుంపు అక్కడ ఉన్నదని ముందే తెలిస్తే తప్ప కనబడదు. కార్నో క్రమంలో అదే ప్రమేయం ఇది.

```
           CD
AB     00  01  11  10
00      0   1   0   0
01      0   1   1   1
11      1   1   1   0
10      0   0   1   0
```

చెదిరిన నాలుగూ ఇప్పుడు పటం నడిమధ్యన ఒక చతురస్రంగా కూర్చున్నాయి. కారణమేమంటే, 01 నుంచి 11కు, 11 నుంచి 10కి వెళ్లేటప్పుడు ఒక్క అంకె మాత్రమే మారుతుంది. తర్కంలో పొరుగు అయినది కాగితం మీద కూడా పొరుగైంది. చివరి 10 నుంచి మొదటి 00కు తిరిగి వచ్చినా ఒక్క అంకే మారుతుంది కాబట్టి పటం ఎడమ అంచు కుడి అంచుకు, పై అంచు కింది అంచుకు అతుక్కున్నట్టే. కాగితాన్ని ముందు గొట్టంలా చుట్టి, ఆ గొట్టం కొసలు కలిపితే వచ్చే గారె ఆకారం దీని నిజరూపం. అందుకే నాలుగు మూలల్లోని గడులు ఒకే గుంపు, దాని విలువ B'D'. విద్యార్థులు తరచుగా వదిలేసే గుంపు ఇదే. కాగితం మీద దూరంగా కనిపించే ఆ నాలుగూ గారె మీద ఒకేచోట ఉంటాయి.

ఈ వరుసక్రమం కార్నో కనిపెట్టినది కాదు. అదే బెల్ ప్రయోగశాలల్లో ఫ్రాంక్ గ్రే 1947లో దాఖలు చేసి 1953 మార్చిలో పొందిన పేటెంటులో ఇటువంటి క్రమమే ఉంది. అక్కడ దాని ప్రయోజనం వేరు: మాటల ధ్వనిని అంకెలుగా మార్చేటప్పుడు పక్కపక్క విలువల మధ్య ఒక్క అంకె మాత్రమే మారితే పొరపాటు చిన్నదిగా ఉంటుంది. కార్నో ఘనత ఆ గుణాన్ని మనిషి కంటికి అప్పగించడంలో ఉంది.

గుంపుల ఎంపిక

గుంపు కట్టే నియమాలు నాలుగు మాటల్లో చెప్పవచ్చు. గుంపు దీర్ఘచతురస్రం కావాలి, దానిలోని గడులు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది లేక పదహారు కావాలి, అన్నిటిలోనూ ఒకటే ఉండాలి, ఒకే గడిని ఎన్ని గుంపులైనా పంచుకోవచ్చు. నాలుగు చరరాశుల పటంలో రెండు గడుల గుంపు మూడక్షరాల పదమవుతుంది, నాలుగు గడులది రెండక్షరాల పదం, ఎనిమిది గడులది ఒక్క అక్షరం. గుంపు రెట్టింపయిన కొద్దీ ఒక అక్షరం, అనగా ఒక కాంటాక్టు, తగ్గుతుంది.

దీన్నిబట్టి అందరికీ తోచే పద్ధతి పెద్ద గుంపుతో మొదలుపెట్టడం. పై పటంలో ఆ పని చేసి చూద్దాం. మధ్య చతురస్రం BD. మిగిలినవి 1, 6, 11, 12. ఒకటవ స్థానానికి పొరుగున ఉన్న ఒకటి 5లో మాత్రమే, కనుక ఆ జంట A'C'D. ఆరుకు 7 ఒక్కటే పొరుగు, ఆ జంట A'BC. పదకొండుకు 15, ఆ జంట ACD. పన్నెండుకు 13, ఆ జంట ABC'. మొత్తం ఐదు పదాలు, పద్నాలుగు అక్షరాలు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. 5, 7, 13, 15 గడులలో ప్రతి దాన్నీ ఏదో ఒక జంట అప్పటికే కప్పింది. అందరికంటె పెద్దదైన గుంపే అక్కరలేనిదిగా తేలింది.

```
F = A'C'D + A'BC + ACD + ABC'
```

ఎనిమిది పదాలు, ముప్పై రెండు అక్షరాలతో మొదలైన సమీకరణం నాలుగు పదాలు, పన్నెండు అక్షరాలకు దిగింది. పాఠమేమంటే, పెద్ద గుంపులను వెదకాలి నిజమే, కాని ముందుగా ఖాయం చేయవలసినవి తప్పనిసరి గుంపులు. ఏదైనా గడిని ఒకే ఒక్క గరిష్ఠమైన గుంపు మాత్రమే కప్పగలిగితే ఆ గుంపు తప్పనిసరి. ఒంటరి గడుల నుంచి మొదలుపెట్టి, వాటి గుంపులు వేసి, ఆ తరువాత మిగిలిన గడులుంటేనే తక్కిన గుంపుల వంక చూడాలి. ఇక్కడ 1, 6, 11, 12 అనే నాలుగు ఒంటరి గడులు నాలుగు జంటలను ఖాయం చేశాయి, మిగులు లేదు.

ఈ ఎంపికను కంటికి వదలక ఖచ్చితమైన పద్ధతిగా తీర్చినవారు ఇద్దరు. తత్త్వవేత్త క్వైన్ 1952లోనే దాని బీజగణితాన్ని ప్రకటించాడు. 1956లో ఎడ్వర్డ్ మెక్‌క్లస్కీ దాన్ని పట్టిక రూపంలోకి తెచ్చాడు. ఐదు, ఆరు చరరాశులు దాటితే పటం కంటికి అందదు, పట్టికే శరణ్యం. కాని నాలుగింటి వరకు కార్నో పటానికి సాటి లేదు. ఒక కారణం వేగం. రెండవది, ఏ గుంపును ఎందుకు వదిలేశామో కళ్లెదుటే ఉండడం. ఆ రెండవదాన్ని నేను ఖఫ్జీలో పట్టించుకోలేదు.

ఆగిపోయిన పంపు

నా పంపు పటం ఇది.

```
           CD
AB     00  01  11  10
00      0   0   1   0
01      0   0   1   0
11      0   1   1   0
10      0   0   0   0
```

3, 7 గడుల జంట A'CD. 13, 15 గడుల జంట ABD. రెండూ తప్పనిసరి. 7, 15 గడుల జంట BCD రెండింటి మధ్య వంతెనలా ఉంది. పొదుపు లెక్కలో అది అక్కరలేదు.

పంపు ఆగినప్పుడల్లా నమోదు చేసిన వివరాలు పోల్చి చూస్తే మూడు సంగతులు ప్రతిసారీ కలిశాయి. రెండు తొట్లలోనూ నీరుంది, అనుమతి ఉంది, సరిగ్గా అప్పుడే ఎవరో సెలెక్టర్‌ను తిప్పారు. పటం మీద చెప్పాలంటే ప్రమేయం 15వ గడి నుంచి 7వ గడికి, లేదా 7 నుంచి 15కు, అడుగు వేస్తోంది. రెండు గడులలోనూ జవాబు ఒకటే. పంపు నడుస్తూనే ఉండాలి.

కాని రిలే బీజగణితం కాదు, ఇనుమూ స్ప్రింగూ. A మారేటప్పుడు దాని ఒక కాంటాక్టు ముందు విడిపోతుంది, మరొకటి కొన్ని మిల్లీసెకన్ల తరువాత కలుస్తుంది. ఆ మధ్య కాలంలో A లేదు, A' కూడా లేదు. ABD తెగింది, A'CD ఇంకా అతకలేదు. పంపు తనను తాను నిలుపుకొనే హోల్డింగ్ కాంటాక్టు మీద నడుస్తోంది కాబట్టి ఆ క్షణకాలపు తెగింపు చాలు, మళ్లీ స్టార్ట్ మీట నొక్కేదాకా అది ఆగిపోతుంది. ప్రతిసారీ ఆగకపోవడానికి కారణం, కాంటాక్టరు కాస్త మందంగా వదిలిన రోజున ఆ ఖాళీ దాటిపోయేది. అందుకే తప్పు దొరకడం ఆలస్యమైంది.

ఈ లోపానికి హజార్డ్ అని పేరు. డేవిడ్ హఫ్‌మన్ 1957లో హజార్డ్‌లు లేని వలయాల రూపకల్పన మీద ప్రకటించిన వ్యాసం ఈ విషయంలో ప్రామాణికం. దాని సారాన్ని పటం భాషలో ఇలా చెప్పవచ్చు: ఒకటి ఉన్న ప్రతి పొరుగు గడుల జంటా ఏదో ఒక గుంపులో కలిసి ఉండాలి. 7, 15 పొరుగులు. వాటిని కలిపి కప్పే గుంపు BCD ఒక్కటే. అందులో A ప్రసక్తి లేదు, కనుక A ఎటూ కాని క్షణంలో కూడా ఆ దారి తెగదు. మూడవ దారిని జంపరు తీగతో తాత్కాలికంగా కలిపి, రెండు తొట్లూ నిండుగా ఉంచి, సెలెక్టర్‌ను పదేపదే తిప్పి చూశాం. పంపు ఒక్కసారి కూడా ఆగలేదు. మరునాడు దాన్ని శాశ్వతంగా బిగించాం.

అంతకుముందు ఒక సహోద్యోగి వేరే మందు సూచించాడు: పంపు కాంటాక్టరు దగ్గర అర సెకను ఆలస్యం పెట్టమని. అది కూడా పనిచేసేదే. కాని అప్పుడు అత్యవసర మీట నొక్కినా పంపు అర సెకను ఆలస్యంగా ఆగుతుంది. లోపాన్ని దాని చోటులోనే సరిదిద్దేది గుంపు ఒక్కటే. దీనికీ హద్దు ఉంది. ఒకేసారి రెండు చరరాశులు మారితే పటంలో అడుగు ఏటవాలుగా పడుతుంది, మధ్యలో సున్నా గడి మీదుగా పోవచ్చు. దాన్ని ఏ అదనపు గుంపూ కాపాడలేదు.

ఇప్పుడు మన పెద్ద ఉదాహరణను మళ్లీ చూస్తే మధ్యనున్న BD అర్థం మారిపోతుంది. 5–7, 7–15, 15–13, 13–5 అనే నాలుగు పొరుగు జంటల్లో ఏ ఒక్కటీ ఆ నాలుగు పదాల సమీకరణంలో ఒకే గుంపులో లేదు. నాలుగు చోట్లా హజార్డే. నాలుగింటినీ ఒక్కసారిగా కాపాడేది, పొదుపు పేరుతో మనం కొట్టివేసిన BD. దాని ఖరీదు రెండు కాంటాక్టులు.

వీచ్, కార్నోలు పటం గీసిన కాలంలో ప్రశ్న కాంటాక్టుల లెక్క. హఫ్‌మన్ కాలానికి ప్రశ్న ఆ కాంటాక్టుల మధ్య గడిచే క్షణం. పటం మారలేదు, దాన్ని అడిగే ప్రశ్న మారింది. ఖఫ్జీలోని ఆ పాత ప్యానెల్‌ను గీసిన వ్యక్తి ఎవరో చిత్రపటం మీద పేరు లేదు. అతడు మూడవ దారిని పొరపాటున గీయలేదు. రెండు దారులు చాలునని అతనికి తెలిసే ఉంటుందని, తెలిసి కూడా మూడవది బిగించాడని ఇప్పుడు నా నమ్మకం.